అన్నిటికీ ‘అవును’ పెట్టిన ఫారం

పదో తరగతితోనే చదువుకు దండం పెట్టినవాణ్ణి. ఎవరైనా కాగితం, పెన్ను చేతికిస్తే నాకిప్పటికీ అది పరీక్షే. కెనడాలో, మేముండే మార్కమ్‌లో ఇరవై నెలల మా పాపను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, నర్సు ఇరవై ప్రశ్నల ఫారం ఇచ్చింది. ఒక్కోదానికి అవునో కాదో టిక్ పెట్టాలి. మా ఆవిడ ఆఫీసులో ఉంది. సాయంత్రాలు డెలివరీ వ్యాన్ నడుపుతాను గనక పగలు పాప నా వంతు.

కావలసింది వేలితో చూపిస్తుందా? పేరు పిలిస్తే చూస్తుందా? నాలుగు ప్రశ్నలు చదివేసరికి సంగతి అర్థమైంది, అవునంటేనే పాసు. నా కూతురు ఫెయిలవడమేమిటి? ఇరవైకి ఇరవై అవునని పెట్టి, దర్జాగా ఇచ్చేశాను.

నిజానికి పాప వేలితో దేన్నీ చూపించేది కాదు. పెరుగు కావాలంటే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, నా చేతిని తలుపుమీద పెట్టేది, పట్టకారును వాడినట్టు. నా మొహం చూసేది కాదు. “డ్రైవర్ ఉండగా ఓనరు వేలెందుకెత్తుతుంది?” అని నేను జోకేసేవాణ్ణి. పదిహేనో నెలలో వచ్చిన ‘పాలు’, ‘బాయ్’ మాటలు ఎప్పుడు ఆగిపోయాయో గమనించనేలేదు.

నర్సు ఫారంతో తిరిగొచ్చింది.

“అన్నిటికీ అవునేనా?”

“అన్నిటికీ.”

“చెవుడేమోనని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా అన్నదానికి కూడా? కళ్ల దగ్గర వేళ్లు వింతగా ఆడిస్తుందా, మామూలు చప్పుళ్లకి కంగారుపడుతుందా అన్నవాటికి కూడా?”

ఆ మూడింటికి మాత్రం ‘కాదు’ అంటేనే నిశ్చింతట. మూడు పోయాయి గనక వివరంగా మళ్లీ అడగాలట. “ఇది పరీక్ష కాదు. ఆటిజం ఉందని తేల్చేదీ కాదు. ఇంకా చూడాలా అక్కర్లేదా అని చెబుతుందంతే. మొదటినుంచీ చూద్దాం, ఉదాహరణలు చెప్పండి” అంది.

చెవుడు ప్రశ్నకు నిజంగానే అవును. గిన్నె కిందపడ్డా తిరిగి చూడని పిల్ల, పెరుగు డబ్బా మూత తీస్తే పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చేది.

“పేరు పిలవండి” అంది నర్సు. పాప కింద కూర్చుని బొమ్మకార్లను వరుసగా పేరుస్తోంది. పిలిచాను. రెండోసారి పిలిచి, అలవాటు కొద్దీ తాళాలు గలగలలాడించాను. తిరిగింది.

“అది తాళాలకి” అంది నర్సు. తాళాలు జేబులో పెట్టేసుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ మొత్తం విని, “నువ్వు ఫారం ఫిల్ చేశావా, పెళ్లిసంబంధానికి బయోడేటా రాశావా?” అంది. పాపను ఒళ్లోకి తీసుకుని, “నాకు నాలుగు నెలల నుంచీ డౌటుగానే ఉంది. నువ్వు నవ్విస్తుంటే చెప్పలేకపోయా” అంది.

డాక్టర్ చెప్పినట్టు వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. ఆటిజం ఉందో లేదో తేల్చే అసెస్‌మెంట్ కోసం ఆగకుండా స్పీచ్ థెరపీకి పేరు రాయించాం. అసెస్‌మెంట్ చేసే సైకాలజిస్టు దగ్గర వంతు వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది.

ఆ సైకాలజిస్టు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి పుట్టుక, తొలి అడుగు, వచ్చిపోయిన మాటలు, తిండి, నిద్ర, అన్నీ అడిగింది. తర్వాత పాపతో ఆట. “మీరు సాయం చేయకండి. దేనికి సాయం కావాలో నేను చూడాలి” అంది. పాపకు నిజంగా ఏం కావాలో తేలేది అక్కడే. నేను మళ్లీ కప్పిపెడితే ఆ సాయం ఇంకా ఆలస్యమవుతుంది. చేతులు తొడలకింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె సబ్బుబుడగలు ఊదింది. పాప ఎగిరింది, బుడగలనే చూసింది, ఊదే మనిషిని చూడలేదు. ఆపేస్తే ఆమె చేయి పట్టుకుని సీసామీద పెట్టింది. బొమ్మకు పుట్టినరోజు చేద్దామంటే ప్లేటు తీసుకుని గిరగిరా తిప్పింది. ఆమె పాపను పేరుతో పిలిచింది, ఆగింది, పిలిచింది. లేదు. నన్ను పిలవమంది. లేదు. మా ఆవిడ నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

“ఇప్పుడు ముట్టుకోకుండా, మీకు తెలిసిన ఉపాయమేదైనా చేయండి” అంది సైకాలజిస్టు.

నాలుకతో గుర్రపుడెక్కల చప్పుడు చేశాను. పాప చప్పున తిరిగి నవ్వింది.

“పాడుచేశానా?”

“లేదు. ఎలా పిలిస్తే తిరుగుతుందో కూడా నాకు కావాలి” అని రాసుకుంది.

రెండు వారాలకు పిలిచి ఆటిజం అని చెప్పింది. ఏ సూచనను ఎక్కడ చూసిందో ఒక్కొక్కటీ చూపించింది.

“ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలా?” అంది మా ఆవిడ.

“అక్కర్లేదు. రెండు భాషల వల్ల ఇది రాదు. మీకు హాయిగా వచ్చే భాషలోనే మాట్లాడండి.”

“ఎప్పటికి మాట్లాడుతుంది?” అన్నాను నేను.

“తేదీ చెప్పలేను. ఇప్పుడే మొదలుపెట్టడం మంచిదని మాత్రం చెప్పగలను.”

మర్నాడు వీడియో కాల్‌లో అమ్మకు చెప్పాను.

“ఫోన్లు చూపిస్తే అలాగే అవుతుందిరా!”

“ఫోన్ల వల్ల కాదమ్మా. పుట్టుకతోనే ఉంటుందట.”

“మీ నాన్నకీ మూడేళ్లకి గానీ మాట రాలేదు.”

“మాటొక్కటే కాదమ్మా, ఇది వేరు.” వేలితో చూపించకపోవడం, మొహం చూడకపోవడం వివరంగా చెప్పాను.

“మరి నేనేం చెయ్యాలిరా?”

“పేరు పెట్టి పదిసార్లు అరవకు. ఒక్కసారి పిలిచి ఆగు.”

ఫోన్ పాపవైపు తిప్పాను. అమ్మ ఒక్కసారి పిలిచింది. పాప చూడలేదు. అమ్మ ఆగింది.