ట్యూబులైటు వెలుగు కింద మిర్చి

మా ఇంటి మేడమీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఒక మధ్యాహ్నం జిరాక్సు కాగితం ఒకటి పట్టుకొని కిందికి వచ్చింది. ఆమెది వర్ధన్నపేట దగ్గర పల్లె. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి హనుమకొండకు వచ్చి రెండేళ్లు కావస్తోంది. నేను ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. పత్రికల్లో, ప్రశ్నపత్రాల్లో, గోడప్రకటనల్లో కనబడే అంకెల తప్పులను తేదీతో సహా రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే నేరుగా నా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"సార్, జర ఇది చూడుండ్రి. నేను తప్పు చేసిన్నా, కీ తప్పా, నాకు సమజైత లేదు."

ఆమె చదివే శిక్షణ కేంద్రం ఒక పరీక్ష పెట్టింది. అందులో మొదటి ముప్పై మందిని చివరి విడత శిక్షణకు తీసుకుంటారు. వాళ్లకు ఫీజు లేదు, హాస్టల్లో ఉచితంగా ఉండవచ్చు. మిగతావాళ్లు తమ దారి చూసుకోవలసిందే. ఈ అమ్మాయి ముందు ఉన్న దారి ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్ ఉద్యోగం. సోమవారం నుంచి రమ్మన్నారు. అందులో చేరితే పగలంతా కౌంటరు దగ్గరే గడుస్తుంది, ఇక పరీక్ష సంగతి మరిచిపోవలసిందే. కేంద్రం ఇచ్చిన జవాబుల కీ ప్రకారం ఆమెకు అరవై ఆరున్నర మార్కులు వచ్చాయి. ముప్పయ్యో స్థానం అరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఆమె తప్పు చేసిందని కీ చెబుతున్నవాటిలో రెండు ప్రశ్నలు ఒకే బొమ్మ మీద ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక మార్కు, తప్పయితే పావు మార్కు కోత.

బొమ్మ ఒక పై చార్ట్. ఒక మండలంలో మూడు వేల ఎకరాల సాగును పంటలు ఎట్లా పంచుకున్నాయో చూపే వృత్తం. ఆ బొమ్మ అచ్చయిన పుస్తకాన్ని బల్లమీద పెట్టి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఫోనుతో ఫోటో తీసి, దాన్ని ప్రశ్నపత్రంలో అతికించారు. పైగా ట్యూబులైటు వెలుగు కాగితం మీద పడి, ఒక ముక్కలోని అంకెను పూర్తిగా తెల్లబరిచింది. పత్తి నలభై శాతం, వరి ఇరవై అయిదు, మొక్కజొన్న పదిహేను, కూరగాయలు ఎనిమిది. ఇవన్నీ చక్కగా కనబడుతున్నాయి. మిర్చి ముక్కలో పేరు మాత్రం ఉంది, శాతం లేదు. మిర్చి కోణమెంత? మిర్చి ఎన్ని ఎకరాలు? అవీ ప్రశ్నలు.

"నువ్వేం పెట్టినవ్?" అని అడిగాను.

"కనవడ్డవన్నీ కూడిన సార్. ఎనభై ఎనిమిదైంది. నూరులకెల్లి తీసేస్తే పన్నెండు. ఒక శాతానికి మూడు పాయింట్ ఆరు డిగ్రీలు గదా, పన్నెండుకు నలభై మూడు పాయింట్ రెండు. మూడు వేలల్ల పన్నెండు శాతం మూడు వందల అరవై ఎకరాలు. కీల ముప్పై ఆరు డిగ్రీలు, మూడు వందల ఎకరాలని ఇచ్చిండ్రు."

ఆమె పద్ధతిలో దోషం లేదు. పూర్తి వృత్తానికి మూడు వందల అరవై డిగ్రీలు, మొత్తానికి నూరు శాతం. కనుక ఒక శాతానికి మూడు పాయింట్ ఆరు. కీలో చెప్పిన జవాబులు కూడా ఒకదానితో ఒకటి సరిగ్గా అతుకుతున్నాయి. ముప్పై ఆరు డిగ్రీలంటే పది శాతం, మూడు వేలలో పది శాతం మూడు వందలు. తప్పు ఇంత పొందికగా ఉంటే పట్టుకోవడం కష్టం. నా పాత కోణమానిని తీసి బొమ్మ మీద పెట్టాను. మిర్చి ముక్క కచ్చితంగా ముప్పై ఆరు చూపింది. కీ ఎక్కణ్ణుంచి పుట్టిందో అప్పుడు అర్థమైంది. ఫోటోను కొలిచి జవాబు రాసే బోధకులు కూడా ఈ ఊళ్లో ఉన్నారా అని నాకు వచ్చిన కోపాన్ని ఇక్కడ వివరించను.

"రేపు పోదాం," అన్నాను.

"సార్, మీరు ఆడ గట్టిగ మాట్లాడొద్దు. మళ్ల నన్నే అంటరు."

మరునాడు ఆటోలో వెళ్లాం. తరగతి అయిపోయినా విద్యార్థులు పది మంది దాకా బల్లల దగ్గరే ఉన్నారు. కీ తయారుచేసిన బోధకుడు ముప్పై ఏళ్ల యువకుడు, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి, నీళ్లు తెప్పించి, కాగితం అందుకున్నాడు. ప్రశ్న ఎంచినది మరొక బోధకుడట. ఫోటో మాత్రమే ఇతని చేతికి వచ్చిందట.

"పెద్దసార్, అంకె కనవడలే. అందుకే కొలిచినం. ముప్పై ఆరు సాఫ్‌గా వచ్చింది. ఆప్షన్లల్ల గూడ ముప్పై ఆరుంది," అన్నాడు.

"మీ పది శాతం కలిపితే మొత్తం తొంభై ఎనిమిదే అవుతుంది. మిగతా రెండు శాతం ఎక్కడికి పోయింది?"

"రౌండింగ్ సార్. అయిదు ముక్కలు. ప్రతిదాంట్ల అర శాతం దాకా తేడా పోవచ్చు గదా."

విద్యార్థులలో ఒకడు నవ్వాడు. "పెద్దసార్‌కు గూడ కోత వెట్టిండ్రు పో!"

బోధకుడన్నది పూర్తిగా తీసిపారేయదగినది కాదు. ప్రతి అంకెనూ దగ్గరి పూర్ణాంకానికి సవరించి రాస్తే, అయిదు ముక్కల మీద రెండు శాతం జారిపోవడం అరుదే గాని అసాధ్యం కాదు. నేను రాసుకొని తెచ్చిన వాదనంతా ఆ కూడిక మీదే నిలబడి ఉంది. కాగితం మడిచి తీసేద్దామా అనుకుంటూ ఉండగా, గట్టిగా మాట్లాడవద్దని నన్ను హెచ్చరించిన ఆ అమ్మాయే ముందుకు వచ్చింది.

"సార్, మిర్చి ఇడిసిపెట్టుండ్రి. వరి ఎంత?"

"ఇరవై అయిదు," అన్నాడు బోధకుడు.

"అంటే తొంభై డిగ్రీలు. కాగితం మూల లెక్కనే ఉండాలె. అంతేనా?"

"అంతే. అయితే?"

ఆమె పక్కనున్న తెల్లకాగితం తీసుకొని దాని మూలను వృత్తం మధ్యబిందువు మీద పెట్టింది. ఒక అంచును వరి ముక్క ఒక గీత మీదుగా సరిచేసింది. రెండో అంచు రెండో గీతను చేరలేదు, మధ్యలో వెడల్పాటి సందు మిగిలింది. బోధకుడు వంగి చూశాడు. తన కోణమానిని తెచ్చి కొలిచాడు. నూట రెండు.

"ఇరవై అయిదు శాతానికి నూట రెండెట్లొస్తది సార్? నూట రెండంటే ఇరవై ఎనిమిది దాటుతది. అచ్చయిన ఇరవై అయిదు తప్పా, బొమ్మ తప్పా?"

"కూరగాయలు గూడ కొలువుండ్రి సార్," అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు.

ముప్పై నాలుగున్నర దగ్గర నిలిచింది. ఎనిమిది శాతానికి ఉండవలసింది ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది.

అప్పుడు నా పని సులువైంది. స్కేలు అడిగి వృత్తాన్ని అడ్డంగా, నిలువుగా కొలిచాను. అడ్డం పది సెంటీమీటర్లు, నిలువు ఎనిమిది. అది వృత్తం కాదు, పైనుంచి అదిమిన వృత్తం. కుర్చీలోంచి వాలుగా తీసినందువల్ల అట్లా అయింది. అట్లా అదిమినప్పుడు పక్కకు తెరుచుకునే ముక్కలు సన్నబడతాయి, కిందికి గాని మీదికి గాని తెరుచుకునేవి విప్పారతాయి. మిర్చి ఎడమ పక్కన ఉంది, అందుకే సన్నబడింది. వరి అడుగున ఉంది, అందుకే విప్పారింది. ఫోటోలో అంకెలు చెరగవు గాని కోణాలు మారతాయి. కాబట్టి చదవవలసినవి అంకెలు, కొలవవలసినది ఏమీ లేదు. ఇదే మాట కొంచెం కఠినంగానే చెప్పాను.

బోధకుడు మీది అంతస్తులోని అలమరలో ఆ పుస్తకం ఉందేమో చూడమని ఒకరిని పంపాడు. పుస్తకం వచ్చింది. మిర్చి ముక్కలో పన్నెండు శాతం అని నల్లగా, స్పష్టంగా అచ్చయి ఉంది. బల్లమీద పరచి కొలిస్తే కోణమానిని నలభై మూడు దాటి ఒక వెంట్రుకవాసి చూపింది.

అంతటితో అయిపోలేదు. కేంద్రం నిర్వాహకుడు లోపలి గదిలోంచి వచ్చి సంగతంతా విన్నాడు. "ఫోటో క్లియర్ లేదు గదా. లొల్లి ఎందుకు, రెండు ప్రశ్నలు క్యాన్సిల్ చేద్దాం. అందరికీ సమానం," అన్నాడు.

ఆమె వేళ్ల మీద లెక్కవేసుకోవడం నేను చూశాను. ప్రశ్నలు తీసేస్తే ఆమెకు తిరిగి వచ్చేది కోత పెట్టిన అర మార్కు మాత్రమే. అరవై ఏడు. చుట్టూ ఉన్నవాళ్ల మార్కులు ఎట్లా కదులుతాయో ఎవరికీ తెలియదు. సోమవారం దవాఖాన కౌంటరు మాత్రం తప్పదు.

"ఒక్క అంకె కనవడకపోతె ప్రశ్న పోదు సార్," అందామె. "నాలుగు కనవడుతానయి. మొత్తం నూరని అందరికీ తెల్సు. మొత్తం ఎకరాలు ప్రశ్నలనే ఉన్నయి. జవాబు రావడానికి కావలసినవన్నీ ఉన్నయి. నాకొచ్చింది, ఇంక శానామందికి వచ్చి ఉంటది."

నిర్వాహకుడు బోధకుడి వైపు చూశాడు. "నువ్వేమంటవ్?"

"కరెక్టే సార్. కీ మార్చాల్సిందే. తప్పు నాది," అన్నాడతను.

ఆ మాట అతడు పది మంది విద్యార్థుల ఎదుట అన్నాడు. అంతకు ముందు అతణ్ణి గురించి నేను మనసులో రాసుకున్న వాక్యాలలో కొన్నింటిని ఇంటికి వెళ్లాక మార్చుకోవలసి వచ్చింది.

సాయంత్రానికి సవరించిన జాబితా తలుపుకు అతికించారు. ఆమెకు అరవై తొమ్మిది, ఇరవై ఏడో స్థానం. నలభై మూడు పాయింట్ రెండు పెట్టినవాళ్లందరూ కొంత మీదికి జరిగారు. ముప్పై ఆరు పెట్టినవాళ్లు అంతే కిందికి దిగారు. నాకు కోత పెట్టారని నవ్విన యువకుడు పాత జాబితాలో ఇరవై తొమ్మిది, కొత్త జాబితాలో లేడు. అతడు కూడా ఫోటోను కొలిచినవాడే. పరీక్ష హాల్లోకి కోణమానిని రానివ్వరు కనుక పెన్నుతో, వేళ్లతో అంచనా వేశాడట. ఆ పాటి అంచనా కూడా బోధకుడి కొలతకే చేరింది.

అతడు జాబితాను రెండుసార్లు చదివి ఆమె వైపు తిరిగాడు. "చెల్లె, కాగితం మూలతోని నా సీటు కోసినవ్ పో."

"నేను నీది కొయ్యలే అన్నా. నాది నేను అడిగిన."

"అడుగుడు తప్పని అన్ననా? ఇప్పుడు నేనేం చెయ్యాలె, అది జెప్పు."

అతడు ఫోను తీసి జాబితాకు ఒక ఫోటో తీసుకొని మెట్లు దిగిపోయాడు. ఆమె దవాఖానకు ఫోన్ చేసి సోమవారం రావడం లేదని చెప్పింది. అవతలివాళ్లు ఎందుకని అడిగినట్టున్నారు.

"చదువుకుంట మేడమ్," అని పెట్టేసింది.