నాలుగు నిమిషాల గుండె

లూదియా మేడం పేరెత్తితే నాకు ముందు కోపం వస్తుంది. గౌరవం ఆ తర్వాతే. ఈ వరస ఇప్పటికీ మారలేదు.

ఆమెది ఆళ్లగడ్డ. పద్దెనిమిదేళ్లు అక్కడే వార్డులో నర్సుగా చేసి, మోకాళ్లు మొరాయించాక నంద్యాలలో ఒక నర్సింగ్ కాలేజీకి టీచరుగా వచ్చింది. మాకు అనాటమీ, ఫిజియాలజీ చెప్పేది. రోజూ పొద్దున బస్సులో నిలబడి వచ్చేది. సంచిలో టిఫిన్ డబ్బా, స్టీలు స్కేలు, ఎర్ర పెన్ను. ఆ స్కేలుతో ఎవరినీ కొట్టలేదు గానీ, బల్ల మీద ఒక్కసారి చరిస్తే పక్క క్లాసులో కూడా నోళ్లు మూతపడేవి.

నాది గోస్పాడు. అమ్మ రాములమ్మ కూలికి పోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం; ఇక్కడ పరీక్షలన్నీ ఇంగ్లీషులో. నాకు వచ్చిన విద్యల్లా బొమ్మలు గీయడం. కాలేజీలో ప్రతి పిల్లా శరీర భాగాల బొమ్మలతో ఒక రికార్డు రాసి సంతకం పెట్టించుకోవాలి. నాది నేను గీసుకున్నాను. అది చూసి మా క్లాసు జెస్సికా తనకూ గీసిమ్మని అడిగింది. ఆమెది చూసి ఇంకొకతె అడిగింది. అట్లా పదకొండు మంది రికార్డుల్లో గుండెలు, మూత్రపిండాలు, మెదళ్లు నా చేతి మీదే లేచాయి. నీడలు, రంగులు, నరాల మీద మెరుపులు. ఒక్కో బొమ్మకు అరగంట. లూదియా మేడం ప్రతి పేజీ కింద ఎర్ర పెన్నుతో ‘ఎక్సలెంట్’ అని రాసి సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చినప్పుడు మా రికార్డులే ముందు పెట్టారు. నేను గాల్లో తేలాను.

పరీక్షలో మాత్రం నేల మీద పడ్డాను. డెబ్బై ఐదుకు ముప్పై ఒకటి. పాస్ కావాలంటే ముప్పై ఎనిమిది రావాలి. సప్లిమెంటరీ రాస్తే ముప్పై నాలుగు. అమ్మ ఒక్కటే మాట చెప్పింది.

“ఇంగొక్కసారి చూస్తా. ఈసారీ తప్పితే పుస్తకాలు మూసి మిరప చేన్లోకి రా. నా నడుము ఇంగ పన్జేయదు.”

చదవలేదా అంటే చదివాను. గుండెలో రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అయినా పరీక్ష ఎందుకు తప్పుతోందో అర్థం కాక ఏడుపు వచ్చేది. ఏడుపు కన్నా ఎక్కువగా మంట వచ్చేది.

రెండోసారి తప్పిన వారం, శనివారం మధ్యాహ్నం, మేడం నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రం ఇచ్చింది. పదిహేను మార్కుల పెద్ద ప్రశ్నలు రెండు, ఐదేసి మార్కుల షార్ట్ నోట్సులు తొమ్మిది. టైము మూడు గంటలు. తాను ఎదురుగా కూర్చుని గడియారం చూస్తూ ఏదో రాసుకుంటోంది. గంట కొట్టినట్టు “పెన్ను కింద పెట్టు” అంది. నాకింకా మూడు షార్ట్ నోట్సులు మిగిలాయి.

పేపరు తిప్పి చూసి స్కేలుతో బల్ల మీద చరిచింది.

“ఏందే ఇది? గుండె గీయనీకి ముప్పై ఎనిమిది నిమిషాలా? పరీక్ష రాస్తాండావా, పెండ్లి పందిరికి ముగ్గేస్తాండావా?”

చివరి పేజీ తిప్పి ఖాళీ చోటు చూపించింది.

“ఆ మూడు షార్ట్ నోట్లకు పదిహేను మార్కులు. వాకిట్లో పెట్టి తలుపేసుకున్నావ్. ఈ నాలుగు పేజీలేంది, ఒకటే పేరా? యాడ మొదలు, యాడ తుద? నేను వాల్యుయేషన్‌కు పోయొచ్చినాను. ఒక పేపరు దిద్దనీకి పది నిమిషాలు కూడా ఉండదు. నీ నీడలు, మెరుపులు ఎవురు చూస్తారు? పేర్లుండాయా, గీతలు సరిగా తగిలినాయా, అంతే. పదిహేనులో బొమ్మకు మూడొస్తే మహా ఎక్కువ. ఎవురు నేర్పినారే నీకీ సోకు?”

ఆ మాటతో నాలో ఏదో తెగింది.

“మీరే నేర్పినారు మేడం!” అని అరిచాను. “పన్నెండు రికార్డులూ నేనే గీసినా. అన్నిట్లో ఎక్సలెంట్ అని రాసింది మీరే కదా! నీడ లేకుండా గీసిన పిల్లకు మీరు ఒట్టి సంతకం పెట్టిచ్చినారు. నేనేం అనుకోవాల?”

లైబ్రరీలో అందరూ తల తిప్పారు. మేడం ముఖం నల్లబడింది. పేపరు మడిచి సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది. కాలేజీ నుంచి తీసేస్తారని ఆ ఆదివారమంతా వణికాను.

సోమవారం బల్ల మీద పన్నెండు రికార్డులూ పరిచి ఉన్నాయి. అన్నీ గుండె పేజీ దగ్గర తెరిచి. పన్నెండింట్లోనూ బృహద్ధమని ఒకే వంపు తిరిగి, ఒకే చోట మెరుస్తోంది.

“ఇది చూసి కూడా నాకు కనపడలేదు,” అంది మేడం. “గుడ్డిదాని మాదిరి సంతకాలు పెట్టినా. ఎవురి బొమ్మ వాళ్లు మళ్లా గీయాల. నాలుగు నిమిషాల్లో, నా ముందర.”

“ఇన్‌స్పెక్షన్‌కు బాగుండవు మేడం,” అంది జెస్సికా.

“బాగుండకపోనీ. వార్డులో రోగి నీ రికార్డు చూసి లేస్తాడా?”

జెస్సికా వాళ్లు నాతో నెల రోజులు మాట్లాడలేదు. పోతే పోనీ అనుకున్నాను. వాళ్ల గుండెలు గీస్తూ నేను పోగొట్టుకున్న గంటలు ఎవరిస్తారు?

మేడం నా రంగు పెన్సిళ్ల డబ్బా లాక్కుంది. ఒక మామూలు పెన్సిలు ఇచ్చింది. పెద్ద ప్రశ్నకు ముప్పై ఐదు నిమిషాలు, షార్ట్ నోటుకు పదకొండు. ముందు హెడ్డింగులు: స్థానం, పొరలు, గదులు, కవాటాలు, రక్తప్రసరణ. ప్రతిదాని కింద చిన్న చిన్న పాయింట్లు. బొమ్మకు ఒంటి గీత. పేర్లు బొమ్మ బయట, స్కేలుతో గీసిన గీతలు ఒకదాన్నొకటి కోయకుండా. గుండె కుడివైపు మన ఎడమ చేతి పక్కకు వస్తుందని ప్రతిసారీ గుర్తు చేసేది. రక్తప్రసరణకు పేరా రాస్తే కొట్టేసేది. బాణాలే వేయాలి: కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని.

“బాణానికి గ్రామరు అక్కర్లేదే,” అనేది. “నీ ఇంగ్లీషు తప్పులు బాణం దాచిపెడుతుంది.”

నేను గీసిన ఆ గుండెలు వికారంగా ఉండేవి. ఒకరోజు పేపరు నలిపి ఆమె ముందే విసిరికొట్టాను. ఆమె దాన్ని ఏరి, సాపు చేసి, పేర్లు లెక్కపెట్టి, “రెండు తక్కువుండాయి. మళ్లా గీయి,” అంది. ఆమెను ఎంత తిట్టుకున్నానో దేవుడికే తెలుసు.

మూడోసారి పరీక్షలో మొదటి ప్రశ్నే గుండె. ధమని వంపు దగ్గరికి వచ్చేసరికి నా చేయి దానంతటదే నీడ వేయబోయింది. పళ్లు బిగించి పెన్సిలు పక్కన పెట్టాను. తొమ్మిది షార్ట్ నోట్సులూ రాశాక కూడా ఎనిమిది నిమిషాలు మిగిలాయి. వదిలిన పేర్లు చూసుకుని రాశాను.

నలభై ఏడు వచ్చాయి.

చెప్పడానికి వెళితే మేడం భేష్ అనలేదు. నా పాత రికార్డు తెమ్మంది. గుండె పేజీ తెరిచి ‘ఎక్సలెంట్’ మీద అడ్డంగా ఎర్ర గీత గీసింది. పక్కన ‘పదిహేనుకు మూడు’ అని రాసి తేదీ వేసింది.

“అప్పుడే రాసుంటే నీకు ఏడాది మిగిలేది,” అంది.

“అవును మేడం,” అన్నాను. మాటవరసకైనా పర్వాలేదనలేదు. అనాలని నాకు అనిపించలేదు.

సాయంత్రం ఇంట్లో అమ్మ ఆ పేజీ చూసింది. ఆమెకు చదువు రాదు. బొమ్మను వేలితో తడిమి, “ఇంత బాగుండే దాన్ని ఎవురమ్మే కొట్టేసింది?” అంది కోపంగా.

“మా మేడం,” అన్నాను. “నేను పాసయినానమ్మా.”