కూర్చునే చుట్లు

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు స్ప్రింగు అంటే పెన్నులో ఉండేదని మాత్రమే తెలుసు. ఇంటి ముందు గదే కార్ఖానా. పొయ్యి మీద చారు మరుగుతుంటే గోడ అవతల తీగ చుట్టే యంత్రం మోగుతుండేది. భర్త ఆ నూనె వాసన పడక డ్రైవరుగా లారీ ఎక్కేశాడు. మామగారికి చెయ్యి వణకడం మొదలయ్యాక, పని నేర్చుకునేవాళ్లు ఇంట్లో ఎవరని వెతికితే కోడలు కనిపించింది. అలా స్టూలు మీద కూర్చున్న మనిషి ఇక లేవలేదు. వీధిలో అందరూ చుట్లమ్మ అనడం మొదలుపెట్టారు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది, తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

మామగారు నేర్పిన మొదటి పాఠం చుట్లు లెక్కపెట్టడం. "చూడమ్మా, స్ప్రింగుకి రెండు కొసల్లోనూ ఒక్కో చుట్టు పక్కదానికి ఆనుకుని ఉంటుంది. దాన్ని రాయి మీద అరగదీసి చదును చేస్తాం. అవి ఊరికే కూర్చోడానికి. నొక్కితే కుంగేవి, వదిలితే లేచేవి మధ్యలోవే. పనిచేసేవాళ్లనే లెక్కపెట్టు, కూర్చునేవాళ్లని వదిలెయ్" అనేవారు. దాంతో ఆ కార్ఖానాలో చుట్టు అంటే పనిచేసే చుట్టే. మామగారు పోయాక లెక్కలూ ఫోన్లూ మరిది చేతికి వచ్చాయి. యంత్రం జోలికి అతను రాడు. ఎప్పుడైనా మాటామాటా వస్తే ఆమె, "నువ్వు కూర్చునే చుట్టువి, నిన్ను నేను లెక్కపెట్టను" అని నవ్వేసేది. అతనికి నవ్వొచ్చేది కాదు.

ఒక రోజు మరిది ఫోను పెట్టేసి చెప్పాడు, "వదినా, బాయిలర్ల వాల్వులు చేసే ఆయన ఆర్డరు. నాలుగు మిల్లీమీటర్ల తీగ, పది చుట్లు, పొడవు ఎనభై."

చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎంత దూరం ఉండాలో ఆయన చెప్పలేదు. అది పెద్ద విషయమేమీ కాదు. ఎనభైలోంచి రెండు కొసల తీగ మందం, నాలుగూ నాలుగూ ఎనిమిది, తీసేస్తే డెబ్బై రెండు. దాన్ని పది చుట్లకి పంచితే ఏడు పాయింటు రెండు. లెక్క అంత నున్నగా తెగేసరికి ఆమెకు అనుమానమే రాలేదు. యంత్రాన్ని ఏడు పాయింటు రెండుకి సరిచేసి లాటు మొత్తం చుట్టేసింది. కొలిస్తే ప్రతి స్ప్రింగూ ఎనభై. గీత అటూ ఇటూ లేదు.

లాటు పెట్టెల్లో సర్దాక మరిది సొరుగులోంచి ఒక పాత స్ప్రింగు తీశాడు. "అన్నట్టు, ఆయన నమూనా కూడా పంపాడు. ఇది కూడా పెట్టెలో వేసెయ్."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. పొడవు ఎనభైయే, తీగ నాలుగే, కానీ సందులు వెడల్పుగా ఉన్నాయి. వేలితో లెక్కపెట్టింది. పనిచేసేవి ఎనిమిది, ఎడం తొమ్మిది. ఎనిమిది తొమ్ముల డెబ్బై రెండు, కొసలకి ఎనిమిది, మొత్తం ఎనభై. ఆయన చెప్పిన పది, కూర్చునేవాటిని కూడా కలుపుకున్న పది.

పాతదాన్ని చుట్టుకి చుట్టు తగిలేదాకా వైసు దవడల మధ్య పెట్టి బిగించింది. పది చుట్లు, ఒక్కోటి నాలుగు, నలభై. తర్వాత తను చేసినదాన్ని బిగించింది. కూర్చునేవాటితో కలిపి పన్నెండు చుట్లు, నలభై ఎనిమిది. ఇక వైసు తిరగలేదు.

"వదిలేసినప్పుడు రెండూ ఒకటే. నొక్కినప్పుడు మనది ఎనిమిది మిల్లీమీటర్లు ముందే మొద్దులా ఆగిపోతోంది. ఈ లాటు వెళ్లకూడదు" అంది.

మరిది ముఖం మాడ్చుకున్నాడు. "ఆయన కొలిచేది పొడవొక్కటే. ఎనభై ఉంది కదా. నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలు."

"బాయిలరు మీద కూర్చునే వాల్వయ్యా అది. ఆవిరి ఎక్కువైతే తెరుచుకోవాలి."

"నీ చాదస్తంతో కొంప ముంచకు. పంపనంటే రేపటి నుంచి ఆ స్టూలు మీద ఇంకొకర్ని కూర్చోబెడతాను. ఒకతను పనికోసం అడుగుతూనే ఉన్నాడు."

లోపలి నుంచి అత్తగారు, "ఏమిట్రా ఆ మాటలు" అన్నారు గానీ గడప దాటి రాలేదు. చుట్లమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, కోపం. ఇన్నేళ్ల పని ఒక్క మాటతో ఊడిపోయేటట్టయితే, ఆ మాటేదో తనే ముందు అనేస్తే సరిపోతుందనుకుంది.

"కూర్చోబెట్టుకో" అంది. మర్నాడు పొద్దున్నే రెండు స్ప్రింగులూ సంచిలో వేసుకుని వాల్వుల కార్ఖానాకి వెళ్లింది.

వాల్వులాయన పెద్దమనిషి, చెవి మీద పెన్సిలు తీయకుండానే మాట్లాడతాడు. ఆమె చెప్పబోయేలోపే, "మీ మరిది ఫోన్ చేశాడమ్మా. మా వదిన వస్తుంది, పట్టించుకోకండి అన్నాడు" అన్నాడు.

"నన్ను పట్టించుకోకండి అన్నయ్యగారూ. దీన్ని పట్టించుకోండి. ఒక్కసారి వాల్వులో పెట్టి చూడండి."

ఆయన పాత స్ప్రింగు పెట్టి బిగించాడు. వాల్వు ఎంత బలానికి తెరుచుకోవాలో అంత బలానికి అది అరవై మిల్లీమీటర్లకి కుంగింది. మీటతో లేపితే వాల్వు పద్నాలుగు మిల్లీమీటర్లు లేచింది, పూర్తిగా తెరుచుకున్నాక కూడా చుట్ల మధ్య ఇంకా సందు మిగిలింది. తర్వాత కొత్తది పెట్టాడు. చుట్లు ఎక్కువ కాబట్టి అది మెత్తన. అదే బలం రావడానికి యాభై ఐదు దాకా బిగించాల్సి వచ్చింది. మీట పట్టి లేపాడు. ఏడు మిల్లీమీటర్ల దగ్గర టక్కున ఆగింది. ఆయన మళ్లీ లేపాడు. మళ్లీ అక్కడే.

"సగమే తెరుచుకుంది" అన్నాడు, చెవి మీంచి పెన్సిలు తీస్తూ. "ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"లాటంతా. మీరు పది అన్నారు, మా మరిది పది అన్నాడు, ఏ పది అని నేను అడగలేదు. చుట్టింది నేనే. మళ్లీ చుట్టి ఇస్తాను. ఆర్డరు ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం. ఇవి మాత్రం మీ గుమ్మం తొక్కవు."

ఆయన వాల్వు విప్పి కొత్త స్ప్రింగు బయటికి తీశాడు. "నేను పొడవే కొలిచేవాణ్ణమ్మా" అన్నాడు. మళ్లీ చుట్టమన్నాడు. మెచ్చుకోలేదు, ఆలస్యానికి విసుక్కున్నాడు కూడా. ఆ విసుగు న్యాయమైనదే కాబట్టి ఆమె పడింది.

తిరిగి వచ్చేసరికి స్టూలు మీద కొత్త మనిషి ఉన్నాడు. పక్కన మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాల్వులాయన ఫోను అప్పటికే వచ్చిందని అతని ముఖమే చెప్పింది, అయినా అతను దిగి రాలేదు. చుట్లమ్మ సంచి పక్కన పెట్టి, కొత్త మనిషిని మర్యాదగానే అడిగింది.

"పొడవు ఎనభై, తీగ నాలుగు, పది చుట్లు. ఎంత ఎడం పెడతారు?"

"ఏడు పాయింటు రెండు" అన్నాడతను వెంటనే. పని తెలిసినవాడే.

"నేనూ అదే పెట్టాను. ఏ పది అని మీరూ అడగలేదు. లేవండి."

అతను మరిది వైపు చూశాడు. మరిది గోడ వైపు చూశాడు. లోపలి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు, ఈసారి గడపకి ఇవతల. కొత్త మనిషి నెమ్మదిగా లేచి పక్కకి తప్పుకున్నాడు.

ఆమె కూర్చుని యంత్రాన్ని తొమ్మిదికి తిప్పింది. కూర్చోమని ఎవరూ అనలేదు. అనేదాకా ఆగే ఉద్దేశం ఆమెకు లేదు. "ఆ పెట్టెలు తుక్కులో పోసి రా" అంది మరిదితో, తలెత్తకుండా. కాసేపటికి వెనక పెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది.