చలిమిడి మూటలో వేపరెమ్మ

విదేశాలకు జంతికలు పంపడమంటే జంతికలు వండటమే అనుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వండటం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాతే. కాగితాల మీద పరిచి నూనె పీల్చనివ్వాలి. పూర్తిగా చల్లారాయో లేదో చేత్తో పట్టి పట్టి చూడాలి. ఏ కాస్త వేడి మిగిలినా కవరు లోపల చెమ్మ పట్టి, అక్కడికి చేరేసరికి గుడ్డపీలికల్లా మెత్తబడిపోతాయి. మందపాటి కవర్లో పోసి మిషనుతో మూతి అంటించాలి, దాని మీద ఇంకో కవరు తొడగాలి, లోపల ఏమేం వేశామో ఇంగ్లీషులో చీటీ రాసి అతికించాలి. పైగా కొరియర్ వాళ్ళు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి లెక్క కడతారు, ఏది ఎక్కువ తేలితే దానికే డబ్బు. జంతికలకు బరువుండదు, చోటు మాత్రం తింటాయి. అందుకని వాటి సందుల్లో కారప్పొడి పొట్లాలు ఇరికించడం నేర్చుకున్నాను.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఈ పని చేసేది నేనూ మా అత్తా. మేనత్తే నాకు అత్తగారు. మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు, మెల్‌బోర్న్‌లో ఉంటుంది. మొదట దానికోసమే పంపాను. దాని స్నేహితులు రుచి చూశారు, మాకూ కావాలన్నారు. అలా నాలుగేళ్ళుగా వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు వస్తున్నాయి. పెట్టె చెల్లెలి పేరు మీద వెళ్తుంది, అదే అందరికీ పంచుతుంది. మాటలు నావి, ఫొటోలు నావి, చేతులు మాత్రం అత్తవి. అరిసెల పాకం ఆవిడ గిన్నెలో నీళ్ళు పోసుకుని, చుక్క వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూస్తుంది. నాకు ఇప్పటికీ ఆ పాకం అంతుపట్టలేదు, ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆస్ట్రేలియా వాళ్ళకు తిండి మీద పట్టింపులు జాస్తి. పాలు, కోవా కలిసినవి పంపొద్దు, నెయ్యి జోలికి కూడా పోవద్దు, నూనెతోనే చెయ్యమని చెల్లెలు మొదట్లోనే చెప్పింది. గసగసాలు వద్దు. మొలకెత్తే గింజలు వద్దు. ఆకు అనేదే వద్దు. నేను ఆ జాబితా చదివి వినిపిస్తే అత్త నోరు నొక్కుకుంది.

"ఓలమ్మ! కరేపాకు కూడానా? అదేటి సేసినాదే ఆలని?"

"ఆకుతోపాటు పురుగులూ, తెగుళ్ళూ ఆల దేశంలోకి వచ్చేస్తాయంట అత్తా."

"మనమూ తింతన్నాం కదా, బతికే ఉన్నాం కదేటి?" అంటూనే ఆ రోజు నుంచి కారప్పొడిలో కరివేపాకు మానేసింది. చెబితే వినే మనిషి. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే తర్వాత నేను గ్రూపులో దీన్ని తిరగేసి చెప్పాను.

చెల్లెలికి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కడుపు నిలిచింది. మా పిన్ని పోయి చాలా కాలమైంది. పుట్టింటి చలిమిడి ఎవరు పెడతారని అది ఫోన్లో ఏడ్చింది. అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏడవకే పిచ్చిగుంటా! నాను లేనేటి? నీ సీమంతం నాటికి సలిమిడి నీ వొళ్ళో ఉంటాది. నాదీ పూచీ."

పాకం పట్టిన చలిమిడి కనీసం మూడు వారాలు నిలవ ఉంటుంది. మా పెట్టె మామూలుగా తొమ్మిది పది రోజుల్లో చేరుతుంది. సీమంతానికి పదిహేడు రోజుల ముందే పంపాలని నిర్ణయించుకున్నాం. అదే పెట్టెలో ఇంకో అయిదు కుటుంబాల ఆర్డర్లు కూడా సర్దాను, ఖర్చు కలిసొస్తుందని. సీమంతానికి వచ్చేవాళ్ళు తింటే ఇంకొంతమంది ఆర్డర్లిస్తారన్న ఆశ కూడా ఉంది. ఆ పెట్టె వేళకు చేరడమే అప్పుడు మా ఇద్దరి ధ్యాస.

అత్త రెండు రోజులు బియ్యం నానబోసి, పిండి కొట్టించి, జల్లించి, పొయ్యి దగ్గరే కూర్చుంది. సర్దే రోజున చలిమిడి కవర్ల మీద పెట్టడానికి ఒక రవికెల గుడ్డను మూట కట్టి తెచ్చింది. లోపల గాజులు, పసుపు పొట్లం, కుంకుమ పొట్లం. మూట అందుకున్నాను. వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది, పక్కనే పుల్లలాంటిది. నాకు తెలుసు. పిండివంటలు ఊరు దాటిస్తే గాలీ ధూళీ సోకకుండా బొగ్గుముక్క, ఎండుమిరపకాయ, వేపరెమ్మ పెట్టడం మా ఇళ్ళలో ఎవరికి తెలియదు? పైగా తొలిచూలు, సముద్రం దాటి పోతోంది.

తలెత్తి అత్త వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తోంది.

"ఉండనీవే. ఎనిమిదేళ్ళకి పడ్డాది," అంది మెల్లగా.

విప్పి తీసి పారెయ్యాల్సింది. తియ్యలేదు. ఆకు పంపకూడదని నాకు తెలుసు, చదివింది నేనే. కానీ తీసేశాక ఆ పిల్లకు ఏదైనా జరిగితే? ఆ భయం అత్తకెంతుందో నాకూ అంతే ఉంది. మూటను పెట్టె మధ్యలో పెట్టి, పైన జంతికలు సర్ది, టేపు వేశాను.

మర్నాడు బస్సెక్కి విజయనగరం వెళ్ళాను. కొరియర్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాయన తెలిసినవాడే. ఆధార్ కాపీ తీసుకున్నాడు, టేపు కోసి పెట్టె తెరిచాడు, చీటీలు నా జాబితాతో పోల్చాడు. మూట పైనుంచి నొక్కాడు.

"ఇందులో ఏటున్నాదమ్మా?"

"జాకెట్టు గుడ్డ, గాజులు. సీమంతానికి."

"ఆకులు, గింజలు ఏటీ లేవు కదా? ఆస్ట్రేలియా వోళ్ళు ఊరుకోరు మరి."

"లేవండి."

అదీ నేను చెప్పింది. కిందనే సంతకం కూడా పెట్టాను.

పెట్టె విశాఖపట్నం దాటింది, దేశం దాటింది, ఎనిమిదో రోజుకల్లా మెల్‌బోర్న్ చేరినట్టు ఫోన్లో కనిపించింది. అత్త సంబరానికి అంతు లేదు. ఆ తర్వాత కదలిక లేదు. ఒక రోజు, రెండు, నాలుగు. తనిఖీ కోసం ఆపారు అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ రాలేదు. "సూడవే, కదిలినాదేటి?" అని అత్త పొద్దున్నా సాయంత్రమూ అడిగేది. సీమంతం మూడు రోజులుందనగా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నోటీసొచ్చింది. మూటలో ఏటి పెట్టారు మీరు? వేపాకంట! ఆకుని పట్టుకుని బతికున్న పురుగంట! చీటీలో రాయలేదంట! పెట్టె మొత్తం నాశనం చేసేస్తారంట."

"మొత్తమా? జంతికలేం చేశాయే?"

"పురుగు ఎందులో దూరిందో ఆళ్ళకేటి తెలుస్తాది? నా పేరు మీద వచ్చింది పెట్టె. ఇక్కడే ఉండిపోడానికి పెట్టిన మా కాగితాలు ఇంకా తేలలేదు అక్కా. నీకేం, నువ్వక్కడ కూర్చున్నావు!" అని ఫోన్ పెట్టేసింది.

కడుపుతో ఉన్న పిల్లను అంత భయపెట్టాను. అక్కడితో ఆగలేదు. సాయంత్రానికి గ్రూపులో వార్త పాకింది. అయిదు కుటుంబాలవాళ్ళకూ సంగతి తెలిసింది. వేపాకు మీది పురుగు కాస్తా జంతికల్లో పురుగైపోయింది. ఇన్నాళ్ళూ ఏం తిన్నామో అని ఒకావిడ, శుభ్రత లేని చోట కొనడం మన తప్పే అని ఇంకొకావిడ. నాలుగేళ్ళు లొట్టలేసుకుంటూ తిన్న నోళ్ళే! ఏదో ఒకటి చెప్పకపోతే గ్రూపు చేజారిపోతుంది.

వసారాలో కూర్చుని మాట రికార్డు చేశాను. గొంతు సవరించుకుని మరీ, పుస్తకంలో భాష. "అందరూ క్షమించాలండి. మా అత్తగారు పాతకాలం మనిషి, చదువు లేదు, ఎంత చెప్పినా వినరు. నాకు తెలియకుండా ఆ ఆకు పెట్టేశారు. ఇకమీదట ఆవిడను వంట దగ్గరకు రానివ్వను. ఆవిడ చెయ్యి దేని మీదా పడదని మాటిస్తున్నాను." పంపేశాను. పంపి తల తిప్పితే గుమ్మంలో అత్త నిలబడి ఉంది, పొయ్యి మీదకు తెచ్చిన నీళ్ళ చెంబుతో.

నువ్వు చూశావు కదే అనొచ్చు. మూట నీ చేత్తోనే పెట్టావు కదే అనొచ్చు. అంటే నేను కాళ్ళ మీద పడేదాన్ని, నిజంగా పడేదాన్ని. "సలిమిడి కూడా తగలబెట్టేస్తారంటనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. చెంబు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

సీమంతానికి చెల్లెలు అక్కడి ఇండియన్ కొట్లో చలిమిడి కొనుక్కుంది. పిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. నా మాట బాగా పనిచేసింది. నిజాయితీగా ఒప్పుకున్నారని మెచ్చుకున్నారు, ఆ నెల తిరిగేసరికి ఆర్డర్లు మళ్ళీ మొదలయ్యాయి. ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకున్నాను. తలకు టోపీలు, చేతులకు తొడుగులు, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. అత్త వంటసాలలోకి రావడం మానేసింది. రమ్మని పిలిచాను, ఒకసారి కాదు పదిసార్లు. "నడుం నొప్పే" అనేది. నొప్పి లేదని మా ఇద్దరికీ తెలుసు.

మొన్న పెద్ద ఆర్డరొచ్చింది, అరిసెలు. పాకం రెండుసార్లు చెడింది. మొదటిసారి విరిగిపోయాయి, రెండోసారి రాళ్ళయ్యాయి. మూడోసారి బెల్లం పొంగుతుంటే కంగారు పుట్టి, సిగ్గు విడిచి కేకేశాను.

"అత్తా, ఓపాలి వచ్చి పాకం చూడవే! నీకు దండం పెడతాను."

వచ్చింది. గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"అక్కణ్నుంచి ఏం కనపడుతుంది? వచ్చి నీళ్ళలో వేసి చూడు."

"వొద్దే. నా సెయ్యి పడ్డాదని ఆలకి తెలిస్తే నీ పేరు పోతాది కదా," అంది. కోపంగా అనలేదు. వెటకారంగానూ అనలేదు. నాకు మంచి చెబుతున్నట్టే అంది. "నువ్వే ఉండ కట్టి పైకెత్తు. నానిక్కణ్నుంచి సూస్తాను."

కట్టి ఎత్తి చూపించాను. ఉండ వేళ్ళ సందులోంచి జారి నీళ్ళలో పడిపోయింది.

"మళ్ళీ కట్టు," అంది అత్త.