ఒక రోజు తక్కువైన ఏడాది

ఆ ఉదయం ఫోను మోగినప్పుడు నేను దోసె తింటున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, రెండో దోసె చల్లారిపోతుందన్న తొందరలోనే ఆ మాట అనేశాను.

ఫోను చేసింది ఇందుకూరుపేట దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల సొసైటీ సెక్రటరీ. పెద్దాయన. ఆ సొసైటీ కంప్యూటర్లో సభ్యుల బీమా చూసే ప్రోగ్రాం నేను రాసిందే. నెల్లూరులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఇలాంటి చిన్నచిన్న ప్రోగ్రాములు రాయడమే నా వృత్తి. సభ్యుడు వచ్చి కుడి బొటనవేలు యంత్రం మీద పెడతాడు, వివరాలు తెర మీదికి వస్తాయి, మీట నొక్కితే ఏడాదికి రెన్యువల్ అయి చీటీ బయటికొస్తుంది. ఆ వివరాలే బీమా కంపెనీకీ వెళతాయి. బీమా చీటీ లేనివాణ్ణి పడవ ఎక్కనివ్వరాదని అక్కడ కట్టుబాటు. ఏ పడవ మనుషులకు బీమా అయిపోయిందో సెక్రటరీ రోజూ పొద్దున్నే తెర మీద చూసుకుంటాడు. అయిపోయినవాళ్ల పేర్లు ఎర్రగా కనిపిస్తాయి.

"ఏందమ్మా, పొద్దున్నించీ ఒక్కటి గూడా కావట్లా. నొక్కితే చాలు మూసుకుపోతా ఉండాది. నలుగురికి నిన్నటితో అయిపోయినట్టు చూపిస్తా ఉండాది. వాళ్లేమో పడవ తోసుకోని నిలబడుకోనుండారు" అన్నాడాయన.

ఆ రోజు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. నాకు వెంటనే వెలిగింది. ఈ రోజు నుంచి ఏడాది అంటే వచ్చే ఏడు ఇదే తేదీ అని లెక్క కట్టమని నేనే రాశాను. వచ్చే ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది లేదు. లేని తేదీని ఇమ్మంటే ప్రోగ్రాం చేతులెత్తేస్తుంది. తప్పు ఎక్కడుందో తెలుసు గాని, దాన్ని సరిచేయడానికి లేవబుద్ధి కాలేదు.

"రేపటి తేదీ వేసేయండి. మార్చి ఒకటి. అయిపోతుంది" అన్నాను.

"ఏం గాదు గదా?"

"ఒక్క రోజుకు ఏమవుతుందండీ" అని నవ్వాను కూడా. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఇంట్లో అంటుంటారు. ఆ రోజు అది దురుసు కాదు, బద్ధకం.

ఆయన రేపటి తేదీ వేశాడు. చీటీలు వచ్చాయి. చీటీ చేతిలో ఉంటే చాలుననుకుని నలుగురూ సముద్రంలోకి వెళ్లారు. చీటీ మీద తేదీ ఎవరు చదువుతారు?

పన్నెండు దాటాక పడవ తిరిగి వచ్చింది. ఆ ఒడ్డున పడవను ఇసుక మీదికి ట్రాక్టరుతో లాగుతారు. పడవ కొసన ఉన్న కమ్మీకి తాడు వేస్తుండగానే ట్రాక్టరు కదిలింది. తాడు బిగుసుకుని, వేస్తున్న మనిషి కుడి చేతి బొటనవేలిని మొదలంటా తెంచేసింది. అతనికి నలభై దాటాయి. వల అల్లడంలో ఆ ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా అని సెక్రటరీ ఒకప్పుడు నాతో అన్నాడు.

మళ్లీ ఫోను వచ్చినప్పుడు ఆయన గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"అమ్మా, ఆస్పత్రిలో చీటీ చెల్లదంటా ఉండారు. రేపటి నించి అంటా ఉండారు. నువ్వు రా తల్లీ."

ఆస్పత్రి మా ఇంటికి పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాలూ నేనేం ఆలోచించానో గుర్తు లేదు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను, చెప్పులు వేసుకోవడం మరిచిపోయాను. అది ఆస్పత్రి గచ్చు మీద కాలు పెట్టాక తెలిసింది.

వరండాలో అతని భార్య ఒక థర్మాకోల్ పెట్టెను గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. చేపల ఐసు పెట్టె. తెగిన వేలిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, ఆ కవరును ఐసు మధ్య పెట్టి తెచ్చారు. ఐసు నేరుగా తగిలితే కండ చెడుతుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, బతుకంతా ఐసుతోనే కదా. చూసిన డాక్టరు ఇంత బాగా తెచ్చినవాళ్లు తక్కువ అన్నాడు. అందరూ తమ వంతు సరిగ్గా చేశారు, నేను తప్ప.

డాక్టరు తేల్చి చెప్పాడు. "అతికించడానికి ప్రయత్నిస్తాం. లాగి తెంపినట్టు తెగింది కాబట్టి నిలుస్తుందని మాటివ్వలేను. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది." మొదలుపెట్టాలంటే బీమా వాళ్లు సరేననాలి, లేదా ముందు డబ్బు కట్టాలి. ఆ డబ్బు కోసం అతని తమ్ముడు అప్పటికే ఊరికి పరుగెత్తాడు.

బీమా కౌంటర్లో ఉన్న అమ్మాయి తెర నా వైపు తిప్పింది. "చూడండి మేడమ్. పాతది నిన్నటితో అయిపోయింది. కొత్తది రేపటినుంచి. ఈ రోజుకు ఏదీ లేదు. నేనేం చేసేది?"

ఆమె తప్పు ఏమీ లేదు. అయినా ఆమె మీద అరిచాను. ఆ తర్వాత కుర్చీలో కూలబడి ల్యాప్‌టాప్ తెరిచాను.

సెక్రటరీ నా పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ఈ రోజు తేదీ వేసేయి తల్లీ. నీ చేతిలో పనే గదా. పొద్దున్నే అయినట్టు చూపియ్యి."

చేయాలనే అనుకున్నాను. నిజం చెబుతున్నాను, చేయడానికే కూర్చున్నాను. ముందు ప్రోగ్రాం నడవాలి కదా. లేని తేదీ వచ్చినప్పుడు ఇరవై ఎనిమిది తీసుకోమని మార్చాను. మళ్లీ నొక్కితే ఈసారి వయసు దగ్గర కూలిపోయింది. సభ్యుడికి పద్దెనిమిది నిండాయా, అరవై దాటాయా అని చూడడానికి బీమా మొదలయ్యే తేదీ నుంచి అన్నేళ్లు వెనక్కి వెళ్లమని రాశాను. అరవై ఏళ్ల వెనక లీపు సంవత్సరమే, ఇరవై తొమ్మిది ఉంది. పద్దెనిమిదేళ్ల వెనక లేదు. ఒకే తప్పును రెండు చోట్ల చేసిన తెలివి నాది. ఎదురుగా ఆవిడ పెట్టె మూత కొంచెం తీసి, ఐసు కరగలేదు కదా అని చూసుకుని, మళ్లీ మూస్తోంది.

రెండోదీ సరిచేశాను. ఇక ఒక్క మీట. కాని పొద్దున రేపటి తేదీతో వెళ్లిన వివరాలు కంపెనీ దగ్గర ఉన్నాయి. ప్రమాదం జరిగాక తేదీ వెనక్కి జరిపితే అది మోసమని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అప్పుడు ఇతనికే కాదు, ఊరందరికీ బీమా పోతుంది. మీట నొక్కలేదు. నొక్కకుండా కూర్చోవడం కూడా ఒక ఘనకార్యమా? ఆవిడ మొహం చూడలేక గోడకున్న క్యాలెండరు చూశాను.

అందులో ఇరవై తొమ్మిది ఉంది. అప్పుడు తట్టింది. ఇతని పాత బీమా నిరుడు మార్చి ఒకటిన మొదలైంది. మార్చి ఒకటి నుంచి ఏడాది అంటే ఈ రోజు రాత్రి దాకా ఉండాలి. మరి నిన్నటితో ఎలా అయిపోయింది?

పాత ఫైలు తీశాను. నిరుడు నా ప్రోగ్రాంలో ఏడాది అంటే 365 రోజులు. మధ్యలో ఇరవై తొమ్మిది వచ్చిన ఏడాదికి 366. ఒక రోజు ఇతని దగ్గర నుంచి నేను కోసేశాను. ఇదే లెక్క మొరటుగా ఉందని వానాకాలంలో బాగుచేశాననుకున్నాను, ఆ బాగుచేసిందే ఈ పొద్దున కూలింది. రేపటి తేదీ వేయమన్న నా బద్ధకపు సలహాలో తప్పు లేదు. తప్పు నిరుటి చీటీలో ఉంది. ఈ రోజు అతనికి బీమా ఉంది!

సొసైటీకీ కంపెనీకీ ఉన్న ఒప్పందంలో రోజుల లెక్క లేదు. ఒక సంవత్సరం అనే ఉంది. సెక్రటరీ ఊరికి ఫోను చేసి ఆ కాగితాన్ని ఫోటో తీయించి తెప్పించాడు. కంపెనీ అధికారి ఫోనులో అంతా విని, "చీటీ మీద ఇరవై ఎనిమిది అని మీరే అచ్చు వేశారు గదమ్మా" అన్నాడు.

"అది నా తప్పండీ. ప్రోగ్రాం రాసింది నేనే. తప్పని రాసి సంతకం పెట్టి ఇస్తాను."

"రాసిస్తే ఇంకెవరైనా మీకు పని ఇస్తారా?"

ఆస్పత్రి కాగితం మీదే రాశాను. ఏ వరుసలో తప్పు ఉందో, ఎందువల్ల ఒక రోజు తగ్గిందో, ఎవరు చేశారో. అంత శుభ్రంగా నేను ఏ ప్రోగ్రామూ రాయలేదు. ఫోటో తీసి పంపాం. పైవాళ్లను అడగాలన్నాడు. అడిగాడు. మళ్లీ ఏదో కావాలన్నాడు. పంపాం. ఈలోగా రెండుసార్లు ఐసు మార్చారు.

అనుమతి వచ్చేసరికి అయిదు దాటింది. తమ్ముడు డబ్బు దొరక్క అప్పటికే ఉత్త చేతులతో వచ్చి కూర్చున్నాడు. ఆవిడ పెట్టెను నర్సు చేతికిస్తూ, "జాగ్రత్తమ్మా" అంది, బిడ్డను అప్పగిస్తున్నట్టు.

వేలు అతికించారు. నాలుగో రోజుకు నల్లబడింది. తీసేశారు.

మూడు గంటలు ముందు మొదలుపెట్టి ఉంటే నిలిచేదా అని డాక్టరును అడిగాను. "చెప్పలేమమ్మా. అప్పుడు గూడా నిలవకపోవచ్చు" అన్నాడాయన, నా మీద జాలితో. ఆ జాలి నాకు ఎందుకూ పనికిరాలేదు. ఆ మూడు గంటలు నావి.

సొసైటీ వాళ్లు నన్ను పంపించేయలేదు. ఎందుకని అడిగే ధైర్యం చేయలేదు. ఇప్పుడు ప్రతి ప్రోగ్రామునూ ఇరవై తొమ్మిదో తేదీ పెట్టి, దాని ముందురోజు పెట్టి, తర్వాతి రోజు పెట్టి నడిపి చూస్తాను. అందరికంటే జాగ్రత్తగల మనిషినని పేరు కూడా వచ్చింది. వింటే ఒళ్లు మండుతుంది.

మరుసటి ఏడు మార్చి ఒకటిన నేను సొసైటీకి వెళ్లి కూర్చున్నాను, ఆ నలుగురి రెన్యువల్ నా కళ్లతో చూడాలని. ముగ్గురివీ అయ్యాయి. తేదీలు సరిగ్గా ఉన్నాయి, రెండుసార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. నాలుగో మనిషి అతను. వల అల్లడం మానేశాడట, ఇప్పుడు ఒడ్డున చేపలు ఏరుతున్నాడు. "బాగుండావా అక్కా" అని పలకరించి బల్ల ముందు నిలబడ్డాడు.

తెర మీద ఎప్పటిలాగే వచ్చింది, నేను రాసిన వాక్యమే: మీ కుడి బొటనవేలు పెట్టండి.

అతను ఒక్క క్షణం దాన్ని చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి, "ఇది తీసుకుంటాదా అక్కా?" అని అడిగాడు.

తీసుకోదు. తీసుకునేట్టు నేను రాయలేదు.