వంకలు పెట్టే ఇంట్లో గిర్ని

రాణీగంజ్‌లో మాకు మోటార్లు, పంపులు అమ్మే కొట్టుంది. గల్లా దగ్గర మావారు కూర్చుంటారు. ఊళ్లు తిరిగే పని నాది. ఇంట్లో పెట్టుకునే చిన్న పిండి గిర్నీలు తెప్పిద్దామన్నది కూడా నేనే. ఊళ్లో ఆడవాళ్లు ఇంట్లో ఒకటి పెట్టుకుంటే ఇరుగుపొరుగుకి జొన్నలు, మిరపకాయలు పట్టిచ్చి నాలుగు రాళ్లు సంపాదించుకుంటారని నా లెక్క. సరుకు వచ్చింది. వచ్చింది వచ్చినట్టే గోడవారన కూర్చుంది.

"ఈ దసరా లోపు ఇవి కదలకపోతే నీ ఊళ్ల తిరుగుడు బంద్. మళ్లీ పంపులే అమ్ముకుందాం," అన్నారు మావారు. ఆయన మాట పెళుసేగానీ అన్యాయం లేదు. కానీ మారేడ్‌పల్లి ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూడడానికి పుట్టలేదు నేను. ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుని సిద్దిపేట రోడ్డు పట్టుకుంటే చాలు, నాకు పుట్టింటికి వెళ్తున్నంత హుషారు.

మొదటి ఊళ్లో అన్నీ శాస్త్రప్రకారమే చేశాను. కంపెనీ వాళ్లిచ్చిన రికార్డు మైకులో పెట్టించాను. "గృహిణులారా, మీ వంటింటికి నూతన శోభ" అని అందులోని గొంతు మొదలుపెట్టగానే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. దాన్ని ఆపేసి నేనే మాట్లాడాను. మాది గోదావరి వైపు. మేము పిండిమర అంటాం, వాళ్లు గిర్ని అంటారు. "ఆంధ్ర మేడం మంచిగ ముచ్చట పెడ్తది," అన్నారు. నేను తీసుకెళ్లిన బియ్యం మల్లెపూవులాంటి పిండి అయింది. అందరూ వేళ్లతో నలిపి చూసి బాగుందన్నారు. గిర్నిని సర్పంచ్ గారింట్లో పది రోజులు వాడుకోమని వదిలి వచ్చాను. ఆయన భార్య ఊరంతా మెచ్చుకుంది. అయినా ఒక్కటీ అమ్ముడుపోలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలామెను పట్టుకున్నాను. "ఏం పెద్దమ్మా, బాగుందన్నవాళ్లంతా ఏమయ్యారు?" అని అడిగాను.

ఆమె కాయల మీంచి తల ఎత్తలేదు. "బియ్యం నువ్వే తెస్తివి. గిర్ని ఆమెకు ఊకెనే ఇస్తివి. ఊకెనే ఇచ్చినదాన్ని ఎవలన్న తిడ్తరా బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు! "అయితే ఈ ఊళ్లో ఊరికే ఇచ్చినా మెచ్చుకోని మనిషెవరు?" అన్నాను.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారి ఘొల్లున నవ్వి, అందరూ ఒకే ఇంటివైపు చెయ్యి చూపించారు. "ఆమె దేవునికి సుత వంక పెడ్తది," అంది ఒకామె.

నేరుగా ఆ ఇంటికే వెళ్లాను. నలభై దాటిన మనిషి. పెళ్లి భోజనం తిని వచ్చి పప్పులో ఉప్పు తక్కువైందని పెళ్లివారికే ఫోన్ చేసిందట. ఆటోలోని గిర్ని చూసి, "ఏందీ గింత చిన్నగున్నది?" అంది. ధర విని, "గింత చిన్నదానికి గంత ధరా?" అంది. అప్పు మాట కూడా తనే ఎత్తింది. వాళ్ల మహిళా సంఘంలో లోను తీసుకోవచ్చు. కానీ ఒకరు కట్టకపోతే మిగతా వాళ్లందరి మీదా పడుతుంది. అందుకే వస్తువు నికరమైనదని సంఘమంతా ఒప్పుకుంటేగానీ ఆ డబ్బు బయటికి రాదు. "ఖరాబు మాలుకు మేమెందుకు జమానతు ఉండాలె మేడం?" అంది. న్యాయమే. గిర్ని ఆమె ఇంట్లో దింపించాను.

సంగతి విని మావారు తల పట్టుకున్నారు. "పోయి పోయి గయ్యాళి ఇంట్లో పెట్టావా?"

వారం తిరక్కుండానే ఫోన్. "నీ గిర్నిల పొగ లేస్తున్నది! ఊరంత చూస్తున్నరు, జెల్ది రా!" మావారు క్యాలెండర్లో దసరాకి ఎన్ని రోజులుందో లెక్కపెట్టారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను వెళ్లేసరికి వాకిట్లో సంఘమంతా ఉంది. గిర్ని తెరిచి చూశాను. లోపలి జాలీకి ఎర్రటి ముద్ద పట్టేసి, పిండి దిగే దారి మూసుకుపోయింది. సరిగ్గా ఎండని మిరపకాయలు పోసింది. మోటారు ముక్కి మూలిగి వేడెక్కిందిగానీ కాలిపోలేదు. తప్పు నీదే తల్లీ అనొచ్చు. అంటే ఆమె నోరు మూసుకుంటుంది, సంఘం తలుపు మూసుకుంటుంది. మా వ్యాపారంలో వస్తువు లోపం కొనేవాళ్ల ముందు చూపించకూడదంటారు. ఆ రోజు నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది.

జాలీ తుడిచి బిగించి, "మిగిలిన ఆ మిరపకాయలే తెండి," అన్నాను. అందరూ చూస్తుండగా ఒక గుప్పెడు పోశాను. మళ్లీ పట్టేసింది, మళ్లీ మూలిగింది. వెంటనే స్విచ్చి ఆపేశాను. ఆ ఘాటుకి వాకిలంతా తుమ్ములు. "చూశారుగా, తడి ఉంటే ఇది చెయ్యలేదు," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "గలగలలాడేలా ఎండాలి. మోటారు వేగం అందుకున్నాకే గింజ పొయ్యాలి. కరెంటు తక్కువున్నప్పుడు అసలు వెయ్యొద్దు. ఇవి ముందే చెప్పాల్సింది నేను."

ఆమె లోపలికెళ్లి చేటలో సొంత జొన్నలు తెచ్చింది. "ఇగ ఇవి పట్టు," అంది.

లోపలి కారం పోవాలని ముందు గుప్పెడు నూకలు ఆడించి పారబోశాను. తర్వాత జొన్నలు పట్టాను. ఆమె ఆ పిండిని వేడినీళ్లతో కలిపి, పీట మీద రొట్టె తట్టడం మొదలుపెట్టింది. పిండి బరకగా ఉంటే రొట్టె అంచు పగులుతుంది. అక్కడున్న ప్రతి ఆడదానికీ ఆ సంగతి తెలుసు. అందరి కళ్లూ ఆ అంచు మీదే. అది పగల్లేదు. పెనం మీద పొంగింది కూడా. ఆమె ఒక ముక్క తిని, ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది. కారం పూర్తిగా పోలేదు, నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

"జెర కారమున్నది," అంది ఆమె. కాసేపు నమిలింది. "పర్వలేదు."

అంతే. ఆ ఒక్క మాటకి సంఘం మొహాలు విప్పారాయి. సర్పంచ్ భార్య పది రోజులు పొగిడినా రానిది ఆ 'పర్వలేదు'తో వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా ఊరు మాత్రం ఆ పుల్లవిరుపు నోటివల్లే మంచిదయింది.

దసరా ఇంకా వారం ఉందనగా ఆమె సంఘంలోని ఆడవాళ్లని వెంటేసుకుని జేబీఎస్‌లో బస్సు దిగి, ఆటోలు మాట్లాడుకుని మా కొట్టుకొచ్చింది. గిర్నీలు కొనడానికి సంఘం లోను మంజూరైంది. తన ఇంట్లో ఉన్నది తనకేనని, అది పాతదని చెప్పి ధర తగ్గించమని మావారితో గట్టిగా పేచీ పడింది. టీ తెప్పిస్తే చక్కెర ఎక్కువైందంది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అప్పుడే సీతాఫల్‌మండి నుంచి వచ్చిన ఒకాయన గిర్ని చుట్టూ తిరుగుతూ, "ఇందులో పచ్చివైనా, తడివైనా అన్నీ ఆడుతాయా?" అని మావారిని అడిగాడు. మావారు నోరు తెరిచేలోపు ఆమె అందుకుంది.

"ఆడయి సారూ. ఎండినయే పొయ్యాలె. తడివి పోస్తే బందైతది, నేను పోసి చూసిన." చేతిలో టీ గ్లాసుతో నా వైపు చూపించింది. "ఏమన్న అడగాలనుకుంటే మా చెల్లెను అడుగు. ఏది అయితది, ఏది కాదు, రెండూ చెప్తది."

అప్పటిదాకా నేను మేడంనే. ఆ మాట విని మావారు నా వంక చూశారు. ఫోన్ తీసి ట్రాలీ ఆటో డ్రైవరుకి కలిపారు.

"రేపు పొద్దున్నే రావయ్యా. మేడం ఇంకో ఊరెళ్లాలి."