‘గాడ నొక్కు’ అంటే ఎక్కడ

తెల్లవారుజామున నాలుగింటికి లేవడం నాకు ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. మొదటి షిఫ్టుకు పోయే మా ఆయన కొమురెల్లికి టిఫిన్ గిన్నె కట్టాలి. రిటైరయ్యాక కూడా ఆ గిన్నె ఆగలేదు. గనిలోకి దిగకపోయినా, గిన్నె పట్టుకుని అరుగు మీద కూర్చుని, పదింటికి మూత తీసి తినేవాడు. కంచంలో పెడితే కడుపు నిండదట. ఎనిమిది నెలలుగా ఆ గిన్నె గూట్లో బోర్లించి ఉంది. నేను మాత్రం నాలుగింటికే లేస్తున్నాను. ఒక్క కప్పు చాయ్ పెట్టుకుంటే అయిపోతుంది, ఇంకా చీకటిగానే ఉంటుంది.

కొమురెల్లి నోట వస్తువుల పేర్లు వచ్చేవి కావు. గనిలో యంత్రాల హోరు, చీకటి. అక్కడ చెప్పేదంతా తలమీది దీపంతోనే. తల ఇటు తిప్పితే వెలుగు ఇటు పడుతుంది, పక్కవాడికి అర్థమవుతుంది. ఇంటికొచ్చాక దీపం ఉండదు గానీ తల మాత్రం అట్లాగే తిప్పేవాడు. "గది ఇయ్యి" అనేవాడు, అది ఇవ్వమని. మొదటి షిఫ్టు రోజు ‘గది’ అంటే టిఫిన్ గిన్నె. రెండో షిఫ్టు రోజు తువ్వాల. సెలవు రోజు గోళ్లు తీసేది. పెళ్లయిన కొత్తలో తువ్వాల అడిగితే చీపురు ఇచ్చాను. తర్వాత తర్వాత తల ఎంత తిరిగిందో చూసి, వస్తువు చేతిలో పెట్టేదాన్ని.

ఒక్కటి మాత్రం తెలియలేదు. దవాఖానకు ఆటో ఎక్కుతూ, పెరటి వైపు తల తిప్పి, "గది గాడ పెట్టు, నేనచ్చినంక చూస్త" అన్నాడు. రాలేదు. పెరట్లో పార ఉంది, బకెట్ ఉంది, మూడు కాళ్ల స్టూలు ఉంది. నాలుగో కాలు ఆయనే వేస్తానన్నాడు. వీటిలో ఏది, ఎక్కడ? చాయ్ తాగాక రోజుకొకటి జరుపుతున్నాను. పారను గోడకు ఆనిస్తాను. అది కాదనిపిస్తుంది. మర్నాడు బకెట్ జరుపుతాను. ఇదే నా కొత్త డ్యూటీ.

ఆ రోజు బకెట్ వంతు. చేతిలో బకెట్ ఉండగానే ఎదురింటి సంతోషి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది.

"అత్తా, మామ మాట నీకొక్కదానికే తెలిసేది గదా. నాకు గసొంటి పనే పడ్డది."

సంతోషి రిటైరైన కార్మికుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ పనికి చేరింది. మూడు నెలలు చూసి, బాగుంటే ఉంచుకుంటామన్నారు. మూడు నెలలు సోమవారంతో నిండుతాయి. సంఘం సభ్యులు ఏడాదికోసారి తాము బతికే ఉన్నామని కంప్యూటర్లో పత్రం పంపాలి. అది ఎట్లా పంపాలో గుమాస్తా రఘుపతి, ఆయనా గనిలో రిటైరైనవాడే, తన స్క్రీన్ అందరికీ కనబడేటట్టు పెట్టి, మాట్లాడుతూ చేసి చూపించాడు. ఆ రికార్డు పదకొండు నిమిషాలు. దాన్ని చూసి ఒక కాగితం మీద వరుసగా రాసిపెట్టడం సంతోషి పని.

"రాసినవా?"

"ఫోన్ల ఒక ఆప్ ఉంటది. మాటలు ఇంటే అదే చిన్నగ రాసిస్తది. అదే రాసింది, నేను అతికించిన."

కాగితం చూపించింది. నేను అయిదో తరగతి చదివినదాన్ని, వేలు పెట్టి మెల్లగా చదివాను. ‘మొదట అక్కడ నొక్కాలి. నొక్కాక ఇది వస్తుంది. ఇది వచ్చాక అట్లా చేయాలి. తర్వాత దాన్ని దాంట్లో వేయాలి. అయిపోయినట్టే.’

"గీ ఆప్ మా ఆయన చెల్లెలా ఏంది?" అన్నాను.

"నవ్వకత్తా. దానికి చెవులున్నయి గని కండ్లు లెవ్వు. రఘుపతి కాక నోటెంట ఏమస్తే గదే రాసింది. గా కాయితం గోడకు పెడితే నలుగురు పోయిన వారం ఫారం పంపిండ్రు. నలుగురు కూడ రఘుపతి కాక సభ్యత్వ నంబరే కొట్టిండ్రు. ఆయన చూపెట్టేటప్పుడు తన నంబరు కొట్టిండు గదా, గది చూసి నేను కింద ‘105217 కొట్టాలి’ అని రాసిన."

"మరేమైంది?"

"రఘుపతి కాక నాలుగుసార్లు బతికే ఉన్నడు. ఆ నలుగురు ఇంకా తేలలె."

సంఘం కార్యదర్శి పట్టాభిరామయ్య గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే గనిలో పని చేయించే ఓవర్‌మన్‌గా రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడరు. "అమ్మాయ్, సోమవారం ముత్యాన్ని కూర్చోబెడతాను. పక్కన ఎవరూ నోరు విప్పకూడదు. నీ కాగితం చూసి అతను పంపగలిగితే నువ్వు ఉంటావు" అన్నారట. ముత్యం మా ఆయనతో పనిచేసినవాడు. ఇంట్లో టీవీ కూడా మనవరాలు పెడితేనే చూస్తాడు.

బకెట్ కింద పెట్టాను.

రికార్డు నడిపించింది. తెర మీద పేజీ, లోపలి నుంచి రఘుపతి గొంతు. "ఇగో గీడ నొక్కాలె. నొక్కినంక గిది వస్తది. చూసిండ్రా?"

"ఆపు," అన్నాను. "గా బాణం ఎవలిది?"

"మౌసుది. ఆయన జరుపుతుంటే జరుగుతది."

"గదే దీపం. మాట ఇడిసిపెట్టు, దీపం ఏడ పడ్డదో చూడు."

వెనక్కి తిప్పింది. ‘గీడ’ అన్నప్పుడు ఆపింది. బాణం పైనున్న నీలం పట్టీలో మూడో మాట మీద ఉంది. వేలు పెట్టి చదివాను: సభ్యుల సేవలు. సంతోషి రాసుకుంది: పైన నీలం పట్టీలో ‘సభ్యుల సేవలు’ అన్నదాని మీద నొక్కండి. కొంచెం ముందుకు నడిపి, ‘గిది వస్తది’ అన్నదేమిటో చూశాం. కింద ఒక జాబితా జారింది. అదీ రాయించాను: కింద జాబితా తెరుచుకుంటుంది.

"అదెందుకు అత్తా? నొక్కితే కనబడ్తది గదా."

"కనబడకపోతే తప్పు నొక్కిండని ముత్యానికి ఎట్ల తెలవాలె?"

జాబితాలో ‘పాత దరఖాస్తులు’ మీద నొక్కాడు రఘుపతి. పేజీ మారింది. దగ్గాడు. "అరె, గిది గాదు" అని వెనక్కి వచ్చి, ‘వార్షిక ధ్రువీకరణ’ నొక్కాడు. సంతోషి పాత దరఖాస్తులూ రాసింది, వెనక్కి రావడమూ రాసింది.

"మా ఆయన పొరపాటున ఉప్పు బదులు చక్కెర ఏస్తే, కూర చేసుడు చెప్పేటప్పుడు గది కూడ చెప్తవా?" అన్నాను. కొట్టేసింది. దగ్గు కూడా రాసి ఉందేమోనని చూశాను. లేదు.

నంబరు దగ్గర రఘుపతి "గిది కొట్టాలె" అన్నాడు, 105217 పడింది. సంతోషి దాన్ని మార్చి రాసింది: ‘సభ్యత్వ సంఖ్య’ అని ఉన్న పెట్టెలో మీ సంఘం కార్డు మీద ఫోటో కింద ఉన్న ఆరు అంకెలు కొట్టండి. తర్వాత ‘వెతుకు’ నొక్కండి. మీ పేరు రావాలి. వేరే పేరు వస్తే ఆగండి.

"రఘుపతి అని వస్తే?" అన్నాను.

"ఆగి, నవ్వి, మళ్ల కొట్టండి అని రాయన్నా?"

"ఆగుమను సాలు."

ఫోటో పెట్టే దగ్గరికి వచ్చేసరికి తెర కదలడం మానేసింది. రఘుపతి గొంతు మాత్రం, "గీడికెల్లి గిది తీసుకొని గాడ ఎయ్యాలె" అంటోంది. రెండు క్షణాల తర్వాత ఫోటో ఊడిపడ్డట్టు పేజీలో కనబడింది. మూడుసార్లు తిప్పి చూశాం. ఎక్కడి నుంచి తీశాడో లేదు. ఆయన తెర మొత్తం కాకుండా ఆ పేజీ ఉన్న ఒక్క కిటికీనే చూపించాడట. ఫైళ్లు ఏరుకునే చిన్న కిటికీ వేరే తెరుచుకుంటుంది, అది రికార్డులోకి రాదని సంతోషి చెప్పింది.

"డౌన్‌లోడ్స్‌ల నుంచే అయ్యుంటది. గట్లనే రాస్త."

"చూసినవా?"

"లేదు."

"చూడనిది రాయకు. ఖాళీ ఇడిసి ‘అడగాలె’ అని పెట్టు. ఊహించి ఇచ్చిన చీపురు నాకెరుక."

పొద్దెక్కాక ఆఫీసుకు పోయాం. రఘుపతిని అడిగితే, "గంతేనా వదినె, గాడ గది ఉంటది గదా, గండ్ల నుంచి" అని తెర వైపు గాలిలో వేలు తిప్పాడు.

"చేతులు ఎనుకకు పెట్టుకో. నోటితోని చెప్పు."

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. గడ్డం ముందుకొచ్చింది.

"గడ్డం కూడ వద్దు."

గడ్డం లోపలికి లాక్కుని, కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ మనిషి పాతికేళ్లు దీపంతో బతికాడు, ఏం చేస్తాడు. చివరికి ఆయన చేస్తుంటే నేను చూసి చదివాను, సంతోషి రాసింది: ‘ఫోటో జతచేయి’ నొక్కండి. చిన్న కిటికీ వస్తుంది. దానిలో ఎడమ పక్క ‘ఫోటోలు’ అని ఉన్నదాని మీద నొక్కండి. మీ సభ్యత్వ సంఖ్య పేరుతో ఉన్న ఫోటో మీద ఒకసారి నొక్కి, కింద ‘తెరువు’ నొక్కండి.

డౌన్‌లోడ్స్ కాదు. సంతోషి నా వైపు చూడలేదు.

సోమవారం ముత్యం తలకు నూనె రాసుకుని, తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. బతికున్నట్టు నిరూపించుకోవడానికి ఆ మాత్రం ఉండాలన్నాడు. పట్టాభిరామయ్య గారు వాచీ చూసి కుర్చీ చూపించారు. సంతోషి గోడకు ఆనుకుని నిలబడింది, చున్నీ కొస నోట్లో. రఘుపతి చేతులు తనకు తానే వెనక్కి కట్టుకున్నాడు.

ముత్యం ఒక్కో వరుస పైకి చదివి, దాని మీద గోరుతో గీత గీసి, అప్పుడు నొక్కాడు. నంబరు దగ్గర ఒక అంకె తప్పింది. ఎవరో ఆడమనిషి పేరు వచ్చింది. సంతోషి కళ్లు మూసుకుంది. రఘుపతి గడ్డం లేచింది, నేను చూస్తే దిగింది. ముత్యం తెరను చూశాడు, కాగితాన్ని చూశాడు.

"వేరే పేరొస్తే ఆగుమన్నది. ఆగిన," అన్నాడు. కార్డు తీసి, అంకెలు మళ్లీ వేలు పెట్టి లెక్కబెట్టి కొట్టాడు. ఈసారి ముత్యమే వచ్చాడు. ఫోటో పెట్టాడు. ‘సమర్పించు’ నొక్కాడు. పైన ఆకుపచ్చ పట్టీ వచ్చింది. కాగితంలో ఉన్నట్టే వచ్చిందా అని రెండుసార్లు పోల్చుకున్నాడు.

"సార్, నేనున్ననట," అన్నాడు.

పట్టాభిరామయ్య గారు కాగితం తీసుకుని మొత్తం చదివారు. "అమ్మాయ్, రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్. ఆ నలుగురినీ ముందు బతికించు" అన్నారు. సంతోషి నోట్లోంచి చున్నీ తీసి, తల ఊపింది.

"కాక, నువ్వు నాలుగుసార్లు బతికినవు, ఇగ చాలు, మళ్ల పంపకు," అంది రఘుపతితో.

మర్నాడు నాలుగింటికే లేచాను. చాయ్ తాగాను. ఆ రోజు స్టూలు వంతు. పెరట్లోకి పోయి దాని అంచు పట్టుకున్నాను. మూడు కాళ్ల మీద ఒరిగి, సరిగ్గా దారికి అడ్డంగా ఉంది. మొన్న కూడా బొటనవేలు తగిలింది. ఆయన తల ఎంత తిరిగిందో చూశాను గానీ, ఆటో కదిలింది, వెలుగు దేని మీద పడిందో చూడలేదు. అడగడానికి మనిషి లేడు.

చూడనిది ఊహించి జరపడమెందుకని స్టూలు వదిలేశాను. పార గోడకు, బకెట్ బావి గట్టు దగ్గర, ఏవి ఎక్కడున్నాయో అక్కడే ఉంచి, స్టూలు చుట్టూ తిరిగి లోపలికి వచ్చాను.